మూడున్నర దగ్గర ఆగిపోయే పిల్లలకు గడియారం పాఠం: నా అనుభవం

ఆరేడేళ్ల పిల్లలకు ముళ్ల గడియారం నేర్పేటప్పుడు మూడు గంటలు, ఐదు గంటలు లాంటివి తొందరగానే వచ్చేస్తాయి. అసలు చిక్కు అరగంట దగ్గరే. మూడున్నర చూపిస్తే ఒకరు 'ఆరు' అంటారు, ఇంకొకరు 'నాలుగున్నర' అంటారు. అందుకే నేను పాఠం మొత్తం ఈ ఒక్క ముడి విప్పడానికే వేసుకున్నాను, గడియారం కూడా దానికి తగ్గట్టే తయారుచేశాను.

మందపాటి అట్ట మీద వృత్తలేఖినితో 12 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీశాను. వృత్తలేఖిని కాళ్ల దూరం మార్చకుండానే, దాని మొనను పైన 12 రావలసిన చోట ఆనించి, అంచు వెంట గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. అవి 12, 2, 4, 6, 8, 10. వాటి మధ్య సగంలో మిగతా ఆరు. కంటి అంచనాతో అంకెలు వేస్తే ఎక్కడో ఒకచోట ఇరుకుగా వస్తుంది, ఆ తర్వాత 'రెండు అంకెల సరిగ్గా మధ్యలో' అన్న మాటకు అర్థం ఉండదు. ఈ పాఠమంతా ఆ మాట మీదే నడుస్తుంది కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు.

చిన్న ముల్లు ఎరుపు, పొడవు 5 సెంటీమీటర్లు, వెడల్పుగా. పెద్ద ముల్లు నీలం, 9 సెంటీమీటర్లు, సన్నగా. పొడవుల్లో తేడా తక్కువైతే దూరం నుంచి చూసే పిల్లలు రెంటినీ తారుమారు చేస్తారు. రెండు కాళ్లు విప్పి వెనక్కి మడిచే పిన్నుతో బిగించి, ముళ్ల మధ్య చిన్న అట్ట బిళ్ల పెట్టాను. అది లేకపోతే ఒక ముల్లు తిప్పినప్పుడు రెండోది కూడా కదులుతుంది, లేదా వదులై కిందికి జారిపోతుంది.

మొదటి రోజు పెద్ద ముల్లు బిగించనే లేదు. ఒక్క ఎర్ర ముల్లుతోనే పాఠం. ముల్లు సరిగ్గా 3 మీద ఉంటే మూడు గంటలు. 3 దాటి కొంచెం కదిలితే? 'మూడు దాటింది' అని పిల్లలే అంటారు. 4కి దగ్గరగా జరిపితే 'నాలుగు కావస్తోంది' అంటారు. సరిగ్గా మధ్యలో ఆపితే మూడూ అయింది, ఇంకో సగమూ అయింది: మూడున్నర. మన మాటలోనే లెక్క ఉంది, మూడు మీద అర. దాన్ని ముల్లు ఉన్న చోటుతో కలిపి చూపిస్తే 'మూడు గంటల ముప్పై నిమిషాలు' కన్నా ఎంతో సులువుగా ఎక్కుతుంది.

రెండో రోజు నీలం ముల్లు బిగించి, అది ఒక చుట్టు తిరిగేలోపు ఎర్ర ముల్లు ఒక అంకె నుంచి తర్వాతి అంకెకు చేరుతుందని చూపించాలి. అట్ట గడియారం లోపం ఇక్కడే బయటపడుతుంది. రెండు ముళ్లూ విడివిడిగా తిరుగుతాయి కాబట్టి, మూడున్నర పెట్టమంటే పిల్లలు నీలాన్ని 6 మీద పెట్టి, ఎర్రదాన్ని 3 మీదే వదిలేస్తారు. అందుకే పక్కన ఒక మామూలు గోడ గడియారం ఉంచుకుని, వెనక మర తిప్పి, పెద్ద ముల్లు 12 నుంచి 6కి వెళ్తుంటే చిన్నది ఎలా జరుగుతుందో మెల్లగా చూపిస్తాను. ఆ తర్వాతే అట్ట గడియారం వాళ్ల చేతికి.

దినచర్య చీటీలు ఆరు చాలు: నిద్ర లేవడం 6, బడికి బయల్దేరడం 8, బడి వదలడం 4, ఆట నాలుగున్నర, రాత్రి భోజనం ఏడున్నర, పడుకోవడం 9. అరగంటవి రెండే. మధ్యాహ్న భోజనం పన్నెండున్నర అని మొదట్లో పెట్టకండి. అక్కడ ఎర్ర ముల్లు 12, 1 మధ్య ఉంటుంది, 'దాటిన అంకె చిన్నది' అని అప్పుడే పట్టుకున్న పిల్లలు అది ఒకటిన్నర అనుకుంటారు. పొద్దున ఏడుకీ రాత్రి ఏడుకీ గడియారం ఒకటే కాబట్టి పగటి చీటీలకు పసుపు అంచు, రాత్రి చీటీలకు నలుపు అంచు వేశాను.

ఆట చీటీ తీసిన పిల్ల నీలం ముల్లు 6 మీద, ఎర్రది 4 మీద పెట్టిందనుకోండి. 'తప్పు' అనకుండా నీలం ముల్లును అరచేత్తో మూసి, 'ఇప్పుడు ఎర్రది ఎంత చెప్తోంది?' అని అడుగుతాను. 'నాలుగు' అంటుంది. 'మరి ఆటకు వెళ్లేసరికి బడి వదిలి ఎంతసేపయింది?' అంటే ముల్లును తనే 4, 5 మధ్యకు జరుపుతుంది. జరపకపోతే ఆ పిల్లకు ఇంకో రోజు ఒంటి ముల్లు గడియారమే ఇవ్వాలి.

నాలుగున్నరను 'ఐదున్నర' అని చదివేవాళ్లకు ఎర్ర ముల్లు దాటి వచ్చిన అంకెను వేలితో తాకించి, తర్వాత చదివించాలి. 'ఆరు' అనేవాళ్లు పెద్ద ముల్లునే ముందు చూస్తున్నారు. వాళ్లకు ఎప్పుడూ ముందు ఎర్రది, తర్వాత నీలం. పావుగంటలు, ఐదేసి నిమిషాలు ఈ రెండు తప్పులూ ఆగాకే మొదలుపెడతాను.