సోలార్ హీటర్ డైరీ: రాత్రికి 61, తెల్లారేసరికి 43

దొరికింది! పదకొండు రాత్రులు డాబా మీదకు టార్చ్ లైటు పట్టుకుని తిరిగాక మా కొత్త సోలార్ హీటర్ ట్యాంకులో వేడి రాత్రికి రాత్రే ఎటు పోతోందో దొరికింది. హీటర్‌లో తప్పేమీ లేదు. ఆ సంగతికి ముందు, ఈ హీటర్‌నే ఎందుకు కొన్నానో చెప్పాలి.

మాది నల్గొండ దగ్గర చిన్న ఇల్లు, నలుగురం, రెండు బాత్‌రూములు. ఉన్నవి బోరు నీళ్లే. పాత ఫ్లాట్ ప్లేట్ హీటర్ ట్యాంకు నాలుగో ఏడే కారింది. వారంటీ అయిదేళ్లు కదా అని ఫోన్ చేస్తే మనిషి వచ్చి నీళ్లు పరీక్షించి, కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించి వెళ్లిపోయాడు. నీటి కాఠిన్యం ఫలానా అంకె దాటితే వారంటీ వర్తించదట. అందుకని ఈసారి బ్రోచర్లు పక్కన పెట్టి, ముందు మా నీళ్లను కొలిచాను. చుక్కల కిట్‌తో చూస్తే కాఠిన్యం 540 వచ్చింది. తాగునీటికే ఐఎస్ 10500లో గరిష్ఠ పరిమితి 600 అంటే మావి ఎలాంటి నీళ్లో అర్థమవుతుంది. చాలామంది టీడీఎస్ మీటర్ ముంచి ఆ అంకెనే కాఠిన్యం అనుకుంటారు. రెండూ ఒకటి కాదు, వారంటీ కార్డు అడిగేది రెండోదాన్ని.

ఆ అంకెతోనే ఫ్లాట్ ప్లేట్ ఆలోచన పోయింది. అందులో నీళ్లు సన్నని రాగి గొట్టాల్లో తిరుగుతాయి, సున్నం పేరుకుంటే పూడిపోతాయి. గాజు ట్యూబుల రకంలో ఒక్కో ట్యూబులో లోపలి గొట్టం వెడల్పే 47 మిల్లీమీటర్లు, సున్నం రాలి అడుగున పడుతుంది, ట్యూబు ఊడదీసి కడుక్కోవచ్చు. మంచినీటి సరఫరా ఉన్న ఊళ్లో అయితే ఫ్లాట్ ప్లేటే నా ఓటు. కోతులు గాజు పగలగొట్టే బెడద ఉండదు.

రాకోల్డ్, వీ-గార్డ్, సుదర్శన్ సౌర్, సుప్రీమ్ అని షాపుల్లో వినిపించే పేర్లన్నీ రాసుకున్నాను. చివరికి మూడు కొటేషన్లు మిగిలాయి, 150 లీటర్లు, 15 ట్యూబులు, ధరలు 21,500 నుంచి 27,000 దాకా. మూడు కార్డుల మీదా పెద్ద అక్షరాల్లో అయిదేళ్లనే ఉంది. లోపల చదివితే అది లోపలి ట్యాంకుకు మాత్రమే. కరెంటు ఎలిమెంట్‌కు ఒక ఏడాది. ట్యూబుల్లో వాక్యూమ్ పోతే మారుస్తారు, పగిలితే మారుస్తామని ఎవరూ రాయలేదు. ఎనామెల్ పూత ట్యాంకు కార్డులో ఇంకో మెలిక ఉంది: లోపలి మెగ్నీషియం రాడ్‌ను ఏటా చూపించి, అరిగితే మార్చిన బిల్లు దాచాలి. ట్యాంకు ఫ్రీగానే ఇస్తారు కానీ పాతది దించి కొత్తది ఎక్కించే కూలి, ఆటో కిరాయి మనవే. మూడు ముక్కలుగా అడిగి రాయించుకున్నది ఒక్క చోటే: మా కాఠిన్యం అంకె, ట్యాంకు మారిస్తే కూలి ఎవరిది, ఫోన్ చేస్తే ఎన్ని రోజుల్లో వస్తారు. రాసిచ్చిన బిగింపు మేస్త్రీ మిగతావాళ్ల కంటే 2,000 ఎక్కువ చెప్పాడు. అయినా ఆయనకే ఇచ్చాను, ఎందుకంటే ధర చెప్పకముందే డాబా ఎక్కి ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచింది ఆయన ఒక్కడే. సోలార్ ట్యాంకు పైభాగం కంటే అది కిందకు ఉందని, ముందు రెండడుగులు ఇటుక దిమ్మె లేపమన్నాడు. లేపించాం. బిగింపు అరపూటలో అయిపోయింది.

ఇక అసలు గోల. మొదటి వారం సాయంత్రం ఆరింటికి ట్యాంకు మధ్య థర్మోవెల్‌లో పెట్టిన అక్వేరియం ప్రోబ్ 61 చూపించేది, పొద్దున ఆరింటికి 43. ఓవర్‌హెడ్ నీళ్లు 26. వేడి పోకుండా చుట్టూ మంచి పఫ్ ఫోమ్ ఉన్న ట్యాంకు రాత్రికి ఆరేడు డిగ్రీలు తగ్గితే సరే అనుకోవచ్చు, పద్దెనిమిదా? మేస్త్రీకి ఫోన్ చేస్తే, "చలికాలం కదా సార్" అన్నాడు. వినలేదు.

ముందు ట్యూబులను అనుమానించాను. తెల్లారకముందే పదిహేనింటినీ చేత్తో తడిమాను. వాక్యూమ్ పోయిన ట్యూబు బయటి గాజు గోరువెచ్చగా తగులుతుంది, కొసన ఉండే వెండి పూత తెల్లబారుతుంది. అన్నీ చల్లగా ఉన్నాయి, అన్నిటి కొసలూ మెరుస్తున్నాయి. తర్వాత రాత్రి ట్యాంకు నుంచి కిందకు వచ్చే వేడినీటి వాల్వ్ పూర్తిగా కట్టేసి పడుకున్నాను. పొద్దున 55! అంటే ట్యాంకు, పఫ్, ట్యూబులు బంగారం. వేడి పైపులోంచే పోతోంది.

మొత్తం ఎంత పోతోంది? ఏమీ పోకపోతే 55 ఉండాల్సింది 43 ఉంది. వచ్చే చల్లనీళ్లు 26. అడ్డంగా పడుకునే ట్యాంకు కాబట్టి నీళ్లు బాగా కలుస్తాయనుకుని లెక్కేస్తే, ఇంచుమించు 80 లీటర్ల వేడినీళ్లు రాత్రికి రాత్రే మాయమై వాటి చోటికి చల్లనివి వచ్చాయి. కారుడు ఎక్కడా లేదు, నేల పొడిగా ఉంది.

క్లూ మా అత్తమ్మ ఇచ్చింది. "పొద్దున ఫ్లష్ ట్యాంకులో నీళ్లు గోరువెచ్చగా ఉంటున్నాయి, బాగుంది కదా" అంది. బాగుండడమేంటి! కింది బాత్‌రూములో మిక్సర్‌కు హ్యాండ్ షవర్ ఉంది, పిల్లలు షవర్ చేతి బటన్‌తో మూసి వేడి, చల్ల నాబ్‌లు రెండూ తెరిచే వదిలేస్తున్నారు. అప్పుడు మిక్సర్ లోపల రెండు లైన్లూ ఒకటైపోతాయి. ఎవరో ఫ్లష్ చేసినా, వంటింట్లో చల్ల కుళాయి తిప్పినా, చల్లలైనులో ఒత్తిడి పడి వేడి నీళ్లు మిక్సర్ గుండా అటు దూకుతున్నాయి.

మేస్త్రీ ఒప్పుకుని వేడిలైనులో ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లను ఒకే దిక్కుకు వదిలే వాల్వ్, పెట్టాడు. మర్నాడు 44. తప్పు చోట పెట్టాడు: వేడినీళ్లు మిక్సర్ వైపే వెళ్తున్నాయి, ఆ వాల్వ్ వదిలే దిక్కూ అదే. ఆపాల్సింది మిక్సర్ నుంచి చల్లలైనులోకి. అందుకే మిక్సర్‌కు వెళ్లే చల్ల కొమ్మలో పెట్టించాను. స్ప్రింగ్ రకం వద్దన్నాను, మాది గ్రావిటీ లైను, ఆ కాస్త ఒత్తిడీ స్ప్రింగే తినేస్తుంది, షవర్ సన్నబడుతుంది. రెక్క తెరుచుకునే రకం అడ్డంగా బిగించాం. మర్నాడు 54, ఆ మర్నాడు 54.5. ఖర్చు 480.

ఈ పైపుల గొడవ ఏ వారంటీ కార్డులోనూ లేదు. మేస్త్రీ మూడుసార్లు వచ్చాడు, కూలి అడగలేదు, నేనే మూడు వందలు ఇచ్చాను.

ఇప్పుడు మిగిలింది పై బాత్‌రూము. వేడి కోసం మొదట పారబోసే చల్లనీళ్లు బకెట్‌లో కొలిస్తే దాదాపు నాలుగు లీటర్లు, పైపు పొడవు 17 మీటర్లు. వచ్చే ఆదివారం ఎండలో ఉన్న భాగానికి నల్ల ఫోమ్ తొడిగి చూస్తాను. ఆరు నెలలయ్యాక ఒక ట్యూబు ఊడదీసి అడుగున ఎంత సున్నం పడిందో తూకం వేయాలి. 540కి ఆరు నెలల్లో ఎంత పేరుకుంటుందో ఆ తూకాన్ని బట్టి సాఫ్ట్‌నర్ కొనాలో వద్దో తేల్చుకుంటాను.