ఎర్ర పెన్నుతో చుట్టిన 72

హన్మకొండలో ఓ పిల్ల ప్రాజెక్టు రిపోర్టు మీద ఇవ్వాళ 72 శాతం అని ఎర్రపెన్నుతో చుట్టి ఉంది. పక్కనే సారు రాత: "72 శాతం ఏఐ. మళ్లీ రాయాలె."

సారు వాడింది ఏఐ డిటెక్టర్, అంటే రాత మనిషిదా మిషన్‌దా అని అంచనా వేసే సాఫ్ట్‌వేర్. అందులో 72 అంటే, లెక్కలోకి తీసుకున్న ప్రతి 100 వాక్యాల్లో 72 దానికి మిషన్ రాసినట్టు అనిపించాయని. ఈ పిల్ల మోసం చేసే అవకాశం 72 శాతమని కాదు. 'అనిపించినయి' అనేదే అసలు మాట. మెథడాలజీ చాప్టర్ అందరూ ఒకే మూసలో రాస్తరు, అక్కడే ఎక్కువ పట్టుకుంటది.

మరి మోసం చేసి ఉండే అవకాశం ఎంత? అది క్లాసును బట్టి ఉంటది. 200 రిపోర్టుల్లో 20 ఏఐవి అనుకుందాం. డిటెక్టర్ వాటిలో 16 పట్టింది. మిగతా 180లో నూటికి 5 చొప్పున తప్పు పట్టినా 9. మొత్తం 25 మందిలో 9 మంది సొంతంగా రాసినోళ్లే. అదే నిజంగా నలుగురే ఏఐ వాడితే? 3 దొరుకుతయి, తప్పుగా పట్టినయి 10 దాకా. డిటెక్టర్ మాత్రం అదే!

గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిస్తే పేరాలు రోజురోజుకూ పెరిగినయా, ఒక్కసారే పేస్ట్ అయినయా కనిపిస్తది. సారు అది అడగనేలేదు.