ఒక్క ఈఓక్యూ లెక్క దగ్గర పోయిన నా మొదటి అటెంప్ట్

సీఎంఏ ఇంటర్ కాస్టింగ్ ఈసారి గట్టెక్కింది. థియరీ, ఓవర్‌హెడ్స్ ఎలా చదివానో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నన్ను ముంచిన లెక్క ఒక్కటే చెప్తాను: ఒక్కో ఆర్డర్‌కు ఎంత తెప్పిస్తే ఖర్చు తక్కువో చెప్పే ఈఓక్యూ. అంకెలు గుర్తున్నంతలో సరిచేసి రాస్తున్నా.

నెలకు వాడకం 1,000 యూనిట్లు, ఆర్డర్‌కు రూ.150 ఖర్చు, యూనిట్ ధర రూ.50, క్యారీయింగ్ కాస్ట్ ఏడాదికి ధరలో 20 శాతం. పని వారాలు 50. వారానికి వాడకం 180 నుంచి 300, సగటు 240. సరుకు రావడానికి 2 నుంచి 4 వారాలు.

నేను కంగారులో నెల వాడకాన్నే సూత్రంలో వేసేశా. 173 వచ్చింది. క్యారీయింగ్ కాస్ట్ ఏడాదిది కాబట్టి వాడకం కూడా ఏడాదిదే ఉండాలి:

```
EOQ = √(2 × 12000 × 150 / 10) = 600
```

తప్పు పట్టుకునే దారి అప్పుడే ఉంది, నేనే చూడలేదు. ఈఓక్యూ దగ్గర ఆర్డర్ల ఖర్చూ నిల్వ ఖర్చూ సమానం కావాలి. 600 అయితే 20 ఆర్డర్లకు రూ.3,000, సగటు నిల్వ 300కి రూ.10 చొప్పున అదీ రూ.3,000. అదే 173 అయితే ఆర్డర్ల ఖర్చు రూ.10,000 దాటుతుంది, నిల్వ ఖర్చు రూ.865 మాత్రమే. అర నిమిషం పని. ఇప్పుడు ప్రతి లెక్క చివరా ఇది చేస్తున్నా.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మళ్లీ ఎప్పుడు ఆర్డర్ పెట్టాలో చెప్పే రీఆర్డర్ లెవెల్ 300 × 4 = 1,200 అని సరిగ్గానే వేశా. పక్కన 173 చూసి, ‘తెప్పించేదే ఇంత, 1,200 దగ్గర ఆర్డరేంటి?’ అని టెన్షన్ పడి, కొట్టేసి, 240 × 3 = 720 రాశా. భద్రతా నిల్వ వదిలేసిన లెక్క అది. తప్పును ఉంచి ఒప్పును కొట్టేశా! చదవక ఫెయిలయ్యానని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. చదివాను, అర్థం చేసుకోలేదు, రెండూ వేరు.

అర్థమైంది బాబాయి మందుల షాపులో. బిళ్లల పెట్టెలు రెండే ఉన్నాయి, ఆర్డర్ పెట్టలేదేమని అడిగితే, “పెట్టిందే దారిలో ఉందిరా, అదీ కలుపుకోవాలి కదా” అన్నాడు. ఈఓక్యూ 600 అంటే రెండున్నర వారాల సరుకు. రావడానికేమో సగటున 3 వారాలు. అంటే మొదటిది చేరకముందే రెండోది పెట్టాల్సిందే. 1,200ను పోల్చాల్సింది షెల్ఫ్‌లో సరుకుతో కాదు, షెల్ఫ్‌లోదీ దారిలోదీ కలిపిన మొత్తంతో. కాబట్టి రీఆర్డర్ లెవెల్ ఈఓక్యూను మించితే భయపడి కొట్టేయకండి. కనీస నిల్వ 1,200 − 720 = 480 కూడా దాన్నుంచే వస్తుంది.

ఈసారి పేపర్లో పెద్ద ఆర్డర్ పెడితే ధర 2 శాతం తగ్గిస్తామన్న ఆఫర్ కలిపి ఇచ్చారు. ఈఓక్యూ దగ్గర ఆగకుండా కొనుగోలు ధరతో సహా రెండు మొత్తాలూ వేసి పోల్చి రాశా.