ఒక్క నక్షత్రం రివ్యూకు నేను రాసిన రెండు జవాబులు

మా రెస్టారెంట్ మీద గూగుల్‌లో వచ్చిన ఒక చేదు రివ్యూ మూడు వారాలుగా నాకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. నిన్న ఆ వ్యవహారం ఒక కొలిక్కి వచ్చింది. అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను.

రివ్యూకు జవాబివ్వడంలో సాంకేతికంగా కష్టమేమీ లేదు. ఆ వ్యాపారం మనదేనని గూగుల్‌లో ధ్రువీకరించుకుంటే, ప్రతి రివ్యూ కింద యజమానిగా జవాబు రాసే వీలుంటుంది. రాసినదాన్ని తరువాత దిద్దుకోవచ్చు, తీసేయనూ వచ్చు. ఏమి రాయాలన్న దగ్గరే చిక్కంతా.

రివ్యూ ఇది: “శనివారం రాత్రి వెళ్లాం. యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. తెచ్చినవన్నీ చల్లారిపోయి ఉన్నాయి. అడిగితే వడ్డించే అమ్మాయి నవ్వింది. ఇక ఈ గడప తొక్కం.” ఒక్కటే నక్షత్రం.

రాత్రి పదకొండున్నరకు, గల్లా లెక్క చూసుకుంటూ చదివాను. పొద్దున్నుంచి నిలబడి ఉన్న కాళ్లు, వంటగదిలో ఇంకా ఆరని పొయ్యిల వేడి. ఐదు నిమిషాల్లో జవాబు పెట్టేశాను: “మీరు ముందుగా చెప్పకుండా ఆరుగురు వచ్చారు. శనివారం రద్దీ ఉంటుందని అందరికీ తెలుసు. ఆ రోజు ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదు. మా సిబ్బంది ఎవరినీ చూసి నవ్వరు. సీసీ కెమెరా రికార్డు మా దగ్గర ఉంది.”

దానితో ఆగకుండా రివ్యూ తీసేయమని అర్జీ కూడా పెట్టాను. నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని సమాధానం వచ్చింది. అది సబబే. బూతులు, సంబంధం లేని రాతలు, పోటీదారులు కావాలని పెట్టినవి అయితే తీస్తారు. భోజనం చల్లారిందా లేదా అన్న తగువు తీర్చడం వాళ్ల పని కాదు. ఆ తేడా తెలియనివారు అర్జీల మీద అర్జీలు పెట్టి రోజులు పోగొట్టుకుంటారు.

నాలుగో రోజు మధ్యాహ్నం జరిగినది మాత్రం జీవితంలో మరచిపోలేను. గల్లాకు దగ్గరి టేబుల్ దగ్గర నలుగురు కూర్చున్నారు. నేనే మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని వెళ్తున్నాను. వాళ్లలో ఒకరు ఫోను చూస్తూ నా జవాబును పైకి చదువుతున్నారు, ఒక్కో వాక్యం దగ్గర ఆగి. “సీసీ కెమెరా రికార్డు మా దగ్గర ఉంది” అనగానే పక్కనున్నావిడ తలెత్తి, గోడ మీది కెమెరా వైపు చూసి, చీర కొంగు సర్దుకుంది. “మనం ఏమైనా అంటే మన వీడియో కూడా బయట పెడతారేమో” అంది మెల్లగా. గ్లాసులు పెట్టి వెనక్కి వచ్చేశాను. వాళ్లు తినేటప్పుడు వెళ్లి ఎలా ఉందని అడిగితే “బాగుంది” అని నలుగురూ పళ్లాల్లోకి చూశారు. బాగుందో లేదో నాకు ఈరోజుకూ తెలియదు. నా ముందు నిజం చెప్పడానికి భయపడే స్థితికి నేనే వాళ్లను తెచ్చాను. ఒక్క నక్షత్రం కంటే నన్ను కోసింది అది.

ఆ వారంలోనే ఒకతను ఫోను చేసి, ఐదేసి నక్షత్రాలతో ఇరవై రివ్యూలు రాయిస్తానని, చెడ్డది అడుగుకు పోతుందని బేరం పెట్టాడు. ఇలాంటివారిని దగ్గరికి రానివ్వకండి. ఎప్పుడూ రాని మనుషులు ఒకే వారంలో ఇరవైమంది పొగిడితే చదివేవారు ఇట్టే పసిగడతారు. నిజంగా మెచ్చుకున్న పాత రివ్యూలను కూడా అప్పుడు ఎవరూ నమ్మరు. తన వంట మీద నమ్మకం ఉన్నవాడు పొగడ్తను కొనడు. పన్నెండేళ్లుగా నేను ఒక్కటీ కొనలేదు.

చివరికి మా ఆవిడ బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చుంది. “ముందు ఆయన చెప్పింది అబద్ధమో నిజమో చూద్దాం, ఆ తరువాత కోప్పడండి” అంది. ఆ శనివారం నాటి కేఓటీలు, అంటే వంటగదికి వెళ్లే ఆర్డరు చీటీలు, తీశాం. ఆ టేబుల్ ఆర్డరు వంటగదికి వెళ్లింది 9:04కు. వంటగది పూర్తయిందని గుర్తు పెట్టింది 9:38కి. కెమెరాలో పళ్లాలు టేబుల్ మీదికి వచ్చింది 9:51కి. అంటే నలభై ఏడు నిమిషాలు. అందులో పదమూడు నిమిషాలు వంట పూర్తయి, అందించే గట్టు మీదే ఉండిపోయింది. చల్లారిందంటే చల్లారదా?

కారణం కూడా అక్కడే దొరికింది. పార్సెల్ ఆర్డర్లు, టేబుల్ ఆర్డర్లు ఒకే ప్రింటర్‌లో వస్తున్నాయి. డెలివరీ కుర్రాళ్లు ఎదురుగా నిలబడి తొందరపెడుతుంటే వంటవాళ్లు పార్సెళ్లు ముందు చేశారు. వడ్డించవలసినవారు కూడా వాటిని కట్టడానికి వెళ్లారు.

ఇక నవ్విన సంగతి. వీడియోలో ఆ అమ్మాయి వంటగది వైపు తిరిగి నవ్వడం కనబడుతోంది. శబ్దం లేదు. ఎందుకు నవ్విందో తనకు గుర్తు లేదంది. ఆయనను చూసి నవ్విందని చెప్పలేం, నవ్వలేదనీ చెప్పలేం. ఆకలితో కూర్చున్న మనిషికి కనబడింది మాత్రం నవ్వే. మొదటి జవాబులో నాకు తెలియని సంగతిని ఖండితంగా కాదన్నాను. మీరు ఇంకేమి చేసినా ఆ పని చేయకండి.

రెండో జవాబు “అసౌకర్యం కలిగి ఉంటే క్షమించండి” అని మొదలుపెట్టాను. మా ఆవిడ ఆ వాక్యం కొట్టేసింది. “కలిగి ఉంటే ఏమిటండీ? నలభై ఏడు నిమిషాలు అని మీరే లెక్కపెట్టారు కదా!” రద్దీ గురించి “కానీ” అంటూ రాసిన వాక్యమూ పోయింది. మళ్లీ వస్తే ఉచితంగా భోజనం పెడతామన్న మాట నేనే తీసేశాను. రివ్యూ మార్చమని, తీసేయమని ఆశ చూపడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఆ ఉద్దేశం లేకపోయినా చదివేవారికి లంచంలాగే కనబడుతుంది.

పాత జవాబు స్థానంలో ఇది పెట్టాను: “మీరు చెప్పింది నిజం. ఆ రాత్రి మీ ఆర్డరు 47 నిమిషాలు పట్టింది, వంట పూర్తయ్యాక 13 నిమిషాలు వడ్డించకుండా ఉంచేశాం. పార్సెళ్లను ముందు పంపడం వల్ల అలా జరిగింది. ఇప్పుడు వాటికి వేరే ప్రింటరు, వేరే మనిషిని పెట్టాం. మీరు ఆకలితో ఉన్నప్పుడు మా అమ్మాయి నవ్వడం మిమ్మల్ని బాధపెట్టింది, క్షమించండి. ముందు కోపంగా రాసిన జవాబును తీసేశాను, అది నా తప్పు. నాతో మాట్లాడాలనుకుంటే రెస్టారెంట్ నంబరుకు చేసి యజమానిని అడగండి.” ప్రింటరు నిజంగా పెట్టిన తరువాతే రాశాను. చేయని మార్పు రాస్తే తరువాత వచ్చే రివ్యూ ఆ అబద్ధాన్ని బయటపెడుతుంది.

ఎవరికీ జవాబు ఇవ్వవద్దని సలహా ఇచ్చిన మిత్రుడు ఒకరున్నారు. నేను ఒప్పుకోను. హోటళ్ల రివ్యూల మీద ప్రోసెర్పియో, జెర్వాస్ అనే పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, యాజమాన్యం జవాబులివ్వడం మొదలుపెట్టాక రేటింగ్ సగటున 0.12 నక్షత్రం పెరిగింది. చెడ్డ రివ్యూలు తగ్గాయి కానీ, వచ్చినవి మరింత పొడవుగా ఉన్నాయి. చదివేవాళ్లున్నారని తెలిస్తే మనిషి ఊరికే విసుక్కోకుండా జరిగింది వివరంగా రాస్తాడు. నాకు కావలసింది అలాంటి రివ్యూయే. ఆ యాభై నిమిషాల మాట రాయకపోతే ఆ ప్రింటరు సంగతి నాకు ఎప్పటికి తెలిసేది?

నిన్న సాయంత్రం ఆ రివ్యూ రాసినాయన ఫోను చేశారు. నిమిషాల గురించి అడగలేదు. “ఆ అమ్మాయి నవ్వలేదని మొదట అన్నారు, తరువాత ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అందుకే చేశాను” అన్నారు. ఆ అమ్మాయిని పనిలోంచి తీసేశారా అని అడిగారు. లేదన్నాను. “మంచిది, తీసేయకండి” అని పెట్టేశారు. నక్షత్రం మార్చమని నేను అడగలేదు. ఇప్పటికీ అక్కడ ఒక్కటే ఉంది.