ఎడమ మడమ మానింది, కుడిది మానలేదు

నా రెండు మడమలూ దాదాపు ఒకేసారి పగిలాయి. రెండింటికీ ఒకే క్రీమ్ ఒకేలా రాశాను. మూడు వారాలకి ఎడమది నున్నబడింది, కుడిది అలాగే ఉంది. అసలు కారణాలు బయటపడింది ఈ తేడా వల్లే.

మడమ చర్మంలో నూనె గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులే ఉంటాయి. కాబట్టి అది ఎండిపోవడం సులభం. నిలబడినప్పుడు ఒంటి బరువుకి మడమ కింది కొవ్వు దిండు పక్కలకి ఉబ్బుతుంది. మెత్తని చర్మమైతే దానితోపాటు సాగుతుంది. ఎండి, మందంగా కాయ కాసిన అంచు సాగలేక నిలువుగా చీలుతుంది. పగుళ్లు ఎక్కువగా మడమ చుట్టూ అంచు మీదే కనిపించడానికి ఇదే కారణం. వెనకవైపు తెరిచి ఉన్న చెప్పులు వేసుకుంటే ఆ ఉబ్బుని ఆపేది ఏదీ ఉండదు. మడమని పట్టి ఉంచే బూట్లకి మారాక, క్రీమ్ పని చేయడం నాకు స్పష్టంగా తెలిసింది.

రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కాళ్లు ఉంచేవాణ్ణి. వారానికి రెండుసార్లు మాత్రం రాయితో తేలిగ్గా రుద్దేవాణ్ణి, పచ్చిగా ఉన్న పగుళ్ల జోలికి పోకుండా. తడి అద్దిన వెంటనే, చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే 25 శాతం యూరియా క్రీమ్ రాయాలి. యూరియా నీటిని పట్టి ఉంచుతుంది, గట్టిపడ్డ పొరని వదులు చేస్తుంది. దాని మీద పలచగా పెట్రోలియం జెల్లీ రాసి నూలు సాక్స్ వేసుకుంటే ఆ తేమ రాత్రంతా నిలుస్తుంది. రక్తం వస్తున్న పగుల్లో యూరియా మండుతుంది, కనుక అది మూసుకునే దాకా అక్కడ జెల్లీ ఒక్కటే రాశాను. బ్లేడుతో కోయడం మాత్రం వద్దే వద్దు. లోతుగా తెగితే సూక్ష్మజీవులకి దారి ఇచ్చినట్టే. షుగర్ ఉన్నవాళ్లు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు రాయి కూడా పట్టుకోకుండా డాక్టర్‌కి చూపించాలి.

ఇక కుడి పాదం. మంచి వెలుతురులో అరికాలిని సాగదీసి చూస్తే, గీతల్లో పిండి చల్లినట్టు సన్నటి తెల్లపొట్టు కనిపించింది. అది మడమ దగ్గర ఆగకుండా పాదం పక్కల దాకా పాకింది. చిటికెన వేలి సందులో చర్మం ఊడుతోంది, బొటనవేలి గోరు పసుపుబారి మందమైంది. మామూలు పొడిదనం సాధారణంగా రెండు కాళ్లకీ ఒకేలా ఉంటుంది. ఒక కాలికే ఎక్కువగా ఉండి, క్రీమ్‌కి లొంగకపోతే ఫంగస్‌ని అనుమానించాలి. దురద లేదు కదా అని నేను నెల రోజులు పట్టించుకోలేదు. అరికాలి ఫంగస్‌కి చాలాసార్లు దురదే ఉండదని తర్వాత తెలిసింది.

చర్మవ్యాధుల డాక్టర్ పొట్టుని గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూశారు. ఫంగస్ పోగులు కనిపించాయి. ఈ పరీక్షకి ముందే యాంటీఫంగల్ క్రీమ్ రాసి ఉంటే ఫంగస్ ఉన్నా పోగులు దొరక్కపోవచ్చు. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఇంకా ప్రమాదం: ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతుంది. గోరు కూడా పాడైంది కాబట్టి పైపూత ఒక్కటే చాలదని, లివర్ పరీక్ష చేయించి, టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి 12 వారాలు రాశారు. నెల తిరిగేసరికి పొట్టు పోయింది. గోరు మాత్రం కొత్తగా పెరిగి రావాలి, అందుకు దాదాపు ఏడాది పడుతుంది. రెండు జతల బూట్లు మార్చి మార్చి వేసుకున్నాను, ఒక జత పూర్తిగా ఆరేందుకు ఒక రోజు దొరికేలా.

ఫంగస్ పోయినా పొడిదనం పూర్తిగా పోలేదు. ఈసారి మోకాళ్ల కింద, మోచేతుల మీద కూడా చర్మం పొలుసుబారింది, చెమట తగ్గింది, అందరికంటే ముందు నాకే చలేసేది, మలబద్ధకం మొదలైంది. మడమలు పగిలినంత మాత్రాన థైరాయిడ్ అనుకోకూడదు. ఇలాంటి లక్షణాలు కూడా కలిసి కనిపిస్తే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే చెమట, నూనె రెండూ తగ్గుతాయి, చర్మానికి రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. ఆ హార్మోన్ తగ్గినప్పుడు రక్తంలో టీఎస్‌హెచ్ పెరుగుతుంది; నాకది 14 వచ్చింది. ఆ ల్యాబ్ పరిమితి 4 చిల్లర. పరీక్షకి రెండు రోజుల ముందే బయోటిన్ మాత్రలు ఆపమన్నారు, అవి ఫలితాన్ని తప్పుగా చూపించగలవు.

తగ్గిన థైరాయిడ్ హార్మోన్‌కి బదులుగా ఇచ్చే లీవోథైరాక్సిన్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేసి మోతాదు సరిచేశారు. ముందు తగ్గింది చలి. చర్మం మెత్తబడటానికి మూడు నెలలు పట్టింది. అప్పటిదాకా యూరియా ఆపలేదు, ఆ తర్వాత వారానికి రెండు రాత్రులకి తగ్గించాను.