పాల సెంటర్ షీటు, 28 వరుసల లెక్క

చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలోని పాల సెంటర్లలో రోజూ ఒక షీటు నింపుతారు. అచ్చు వేసిన ఫారం, చేతిరాత అంకెలు. మొదటి మూడు కాలమ్‌లు క్రమసంఖ్య, సభ్యత్వ నంబరు, పేరు. తర్వాత ‘ఉదయం’ అనే శీర్షిక కింద లీటర్లు, పాలలోని వెన్న శాతం చెప్పే ఫ్యాట్, వెన్న కాని ఘనపదార్థాల శాతం చెప్పే ఎస్‌ఎన్‌ఎఫ్. ‘సాయంత్రం’ కింద మళ్ళీ అవే మూడు. మొత్తం తొమ్మిది కాలమ్‌లు. పైన రెండు వరుసల శీర్షిక, కింద 25 మంది సభ్యులకు వరుసలు, అట్టడుగున మొత్తం. అంటే 28 అడ్డవరుసలు.

మా మామ తొమ్మిది సెంటర్ల లెక్కలు చూస్తాడు. షీట్ల ఫోటోలు ఫోన్‌లో వస్తాయి, ఆయన కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. నేను చేయాలనుకున్నది చేతిరాతను చదివే పని కాదు. ఫోటోలోని ఏ గడి ఏ వరుసలో, ఏ కాలమ్‌లో ఉందో కనిపెట్టి, గడులను కత్తిరించి వరుసగా చూపించగలిగితే చాలు. అంకెలు ఆయనే కొడతాడు. అయితే ఒక మనిషి ఫ్యాట్ పక్క మనిషి ఖాతాలోకి పోకూడదు. పాల ధర ఫ్యాట్‌ను బట్టి మారుతుంది.

మొదట మోడల్ జోలికి పోకుండా గీతలతోనే ప్రయత్నించాను. ఫోటోలతో పనిచేసే ఓపెన్‌సీవీ లైబ్రరీలో పొడవాటి అడ్డగీతలను, నిలువుగీతలను విడదీసి, అవి కలిసే చోట్లను గడుల మూలలుగా తీసుకునే పద్ధతి పాతదే. శుభ్రమైన అచ్చు మీద అది ఇప్పటికీ మంచిదే, దానికి ట్రైనింగ్ అక్కర్లేదు. మాకు వచ్చేవాటిలో సగం కార్బన్ కాపీలు. గీత అక్కడక్కడా మాయమవుతుంది, పేరులోని అక్షరాల కొమ్ములు కింది గీతను దాటిపోతాయి. ఒకే మూసను ఫోటో మీద అద్దేద్దామంటే ప్రెస్సును బట్టి వరుసల ఎత్తు, కాలమ్‌ల వెడల్పు మారుతున్నాయి. కాబట్టి మోడల్ తప్పలేదు.

చివరికి రెండింటి మధ్య ఎంచుకోవాల్సి వచ్చింది. ఒకటి ప్యాడిల్ ఓసీఆర్‌లో వచ్చే స్లానెట్. అది పట్టికను హెచ్‌టీఎంఎల్ టోకెన్ల వరుసగా రాసుకుంటూ పోతుంది, దాంతోపాటు ప్రతి గడికీ కొలతలు ఇస్తుంది. రెండోది మైక్రోసాఫ్ట్ వాళ్ళ టేబుల్ ట్రాన్స్‌ఫార్మర్. పట్టిక అంటే కొన్ని అడ్డవరుసల బాక్స్‌లు, కొన్ని కాలమ్ బాక్స్‌లు, కలిసిపోయిన గడుల బాక్స్‌లు అన్నట్టు చూస్తుంది. వరుసా కాలమూ ఖండించుకున్న చోటే గడి. లోపల ఉన్నది ఫోటోలోని వస్తువులను గుర్తించే డెటర్ అనే మోడలే.

నాణ్యత సంగతి పక్కనపెడితే, నాకు తేల్చి చెప్పింది లేబులింగ్ ఖర్చు, అంటే ట్రైనింగ్ కోసం ప్రతి ఫోటోలో సరైన జవాబును మనమే గుర్తించి పెట్టే పని. మా షీటులో గడులు లెక్కేస్తే శీర్షికలో 11, సభ్యులవి 225, అట్టడుగు మొత్తాల వరుసలో మొదటి మూడు గడులూ కలిసిపోయి 7, అన్నీ కలిపి 243. స్లానెట్‌కు ఒక్కో పేజీలో ఈ 243 గడులూ, వాటి హెచ్‌టీఎంఎల్లూ కావాలి. టేబుల్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 28 వరుసలు, 9 కాలమ్‌లు, పట్టిక బాక్స్ ఒకటి, శీర్షిక బాక్స్ ఒకటి, కలిసిన గడులు ఆరు, అంతా 45. ఆ 45 కూడా చేత్తో గీయక్కర్లేదు. పేజీని ముందే తిన్నగా చేసుకుంటే 29 అడ్డగీతల ఎత్తులూ 10 నిలువుగీతల స్థానాలూ నొక్కితే చాలు, బాక్స్‌లన్నీ వాటినుంచి పుట్టించవచ్చు. చిన్న డేటాతో పనిచేసేవాడికి ఇదే పెద్ద తేడా. ఉన్న ఓపికతో ఎన్ని పేజీలు లేబుల్ చేయగలం అన్నది ఇక్కడే తేలిపోతుంది.

మోడల్‌ను ఇలా తెచ్చుకుని, దాని తరగతుల పేర్లు చూసుకుని, ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు ఒక షీటు మీద నడిపాను.

```python
from transformers import TableTransformerForObjectDetection
m = TableTransformerForObjectDetection.from_pretrained(
    "microsoft/table-transformer-structure-recognition-v1.1-all")
print(m.config.id2label)
```

28 వరుసలు రావాలి, సరిగ్గా 28 వచ్చాయి. గీతలు ఫోటో మీద గీసి మామకు చూపిస్తే ఆయనే పట్టుకున్నాడు. “ఏమల్లుడూ, ఈ రెండు గళ్ళూ ఒకే మనిషివి కదా?” ఆ షీటులో 22 మంది పాలు పోశారు, మూడు వరుసలు ఖాళీ. ముగ్గురు ఆడవాళ్ళ పేర్ల కింద గుర్తుకోసం భర్త పేరు రెండో లైనులో రాసి ఉంది. మోడల్ ఆ మూడు వరుసలనూ చీల్చి ఆరు చేసింది, ఖాళీగా ఉన్న మూడింటినీ మింగేసింది. పెరిగింది మూడు, తగ్గింది మూడు.

కారణం వెతికితే ట్రైనింగ్ డేటాలోనే ఉంది. ఈ మోడల్ చూసిన పబ్‌టేబుల్స్-1ఎం పట్టికలు వైద్య పరిశోధన పత్రాలవి, ఫిన్‌ట్యాబ్‌నెట్ పట్టికలు కంపెనీల వార్షిక నివేదికలవి. రెండూ అచ్చు అక్షరాలే. వాటిలో చాలావాటికి అడ్డగీతలు ఉండవు, కాబట్టి అక్షరాలు ఎక్కడున్నాయో చూసి వరుసను ఊహించడం మోడల్‌కు అలవాటైంది. ఏమీ రాయని వరుస అన్నది దాని అనుభవంలో లేదు. మన ఫారాల్లో గీతే వరుస, రాత ఉన్నా లేకపోయినా. ఉన్న మోడల్‌కు మన పేజీలతో మరికొంత ట్రైనింగ్ ఇచ్చే ఫైన్‌ట్యూనింగ్‌లో నేర్పాల్సింది ఈ ఒక్క సంగతే. అందుకే కొద్ది పేజీలతో అవుతుందన్న నమ్మకం కుదిరింది.

48 పేజీలు లేబుల్ చేశాను. విడదీసేటప్పుడు పేజీలవారీగా కాకుండా సెంటర్లవారీగా విడదీశాను. మూడు సెంటర్లవి 12 పేజీలు పరీక్షకు తీసి పక్కన పెట్టి, మిగిలిన ఆరింటిలో ఒక సెంటరును ట్రైనింగ్ ఎప్పుడు ఆపాలో చూసుకోవడానికి ఉంచాను. ఒకే సెంటరు పేజీలు అటూ ఇటూ ఉంటే అదే చేతిరాత, అదే అచ్చు రెండు వైపులా ఉంటుంది. వచ్చే మార్కులకు విలువ ఉండదు.

లేబుళ్ళలో పాత అలవాటును చెడగొట్టలేదు. మోడల్‌కు ముందే ఉన్న ఆరు తరగతులనే వాడాను. `table projected row header` మా ఫారంలో లేకపోయినా తీసేయలేదు. తరగతుల సంఖ్య మారిస్తే చివరి పొర కొత్తగా మొదలవుతుంది, నేర్చుకున్నదంతా అక్కడ పోతుంది. వరుస బాక్స్ పట్టిక ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, గీత నుంచి గీత దాకా. ఒకదాని కింద అంచే ఇంకోదాని పై అంచు. ‘ఉదయం’, ‘సాయంత్రం’ మాత్రమే కాదు, రెండు శీర్షిక వరుసల ఎత్తున నిలబడిన ‘పేరు’ కూడా `table spanning cell` కిందికే వస్తుంది.

ట్రైనింగ్ పెద్ద కథ కాదు. ఫోటోలోని ఆకారాలను పట్టే బ్యాక్‌బోన్ భాగాన్ని కదలనివ్వలేదు, లెర్నింగ్ రేటు `1e-5`, ఒక విడతకు రెండు పేజీలు, పొడవైన అంచు 1000 పిక్సెళ్ళు.

```python
for n, p in m.named_parameters():
    if "backbone" in n:
        p.requires_grad = False
```

చిక్కు వేరేచోట వచ్చింది. చూడని సెంటర్ల మీద కూడా ఫలితం మరీ అందంగా ఉంది. అనుమానమొచ్చి ఒక పేజీ కింది భాగాన్ని ఐదు వరుసల మేర కోసేసి ఇచ్చాను. అయినా దాదాపు 28 వరుసలే ఇచ్చింది, చివరివి తెల్ల మార్జిన్ మీద తేలుతూ. అంటే గీతలను చూడటం మానేసి, ఈ ఫారంలో వరుసలు ఎక్కడెక్కడ ఉంటాయో బట్టీ పట్టేసింది. ఒకే రకం ఫారం, కొద్ది పేజీలు ఉన్నప్పుడు ఇది జరిగే అవకాశం ఎక్కువ. మామూలు పరీక్షలో ఇది కనబడదు, పరీక్ష పేజీలకూ 28 వరుసలే కాబట్టి.

దీనికి మందు సులువుగానే దొరికింది. పేజీ తిన్నగా ఉంది, గీతల స్థానాలు తెలుసు. కాబట్టి ప్రతిసారీ కొన్ని వరుసలను అడ్డంగా కత్తిరించి తీసేసి మిగతాది అతికించాను. కొన్నిసార్లు ఖాళీ వరుసను తెచ్చి మధ్యలో చొప్పించాను. లేబుళ్ళు కూడా ఆ లెక్కనే జరుగుతాయి. చుట్టూ మార్జిన్ కూడా ప్రతిసారీ మార్చాను. ఇలా తయారైన పేజీల్లో వరుసలు పది నుంచి 35 దాకా మారుతూ ఉంటాయి, బట్టీ పనిచేయదు. ఖాళీ వరుస నడుమ రావడం కూడా మోడల్‌కు బాగా అలవాటైంది. కోసిన పేజీ మళ్ళీ ఇస్తే ఈసారి ఉన్న 23 మాత్రమే వచ్చాయి.

ఇక కొలత. ఇలాంటి మోడళ్ళకు ఐఓయూ 0.5 ఉంటే చాలు, బాక్స్ సరైనదే అని లెక్కేయడం రివాజు. రెండు బాక్స్‌లు కలిసే భాగాన్ని, రెండూ కలిపి ఆక్రమించిన భాగంతో భాగిస్తే వచ్చేదే ఐఓయూ. మా వరుస ఎత్తు సుమారు 30 పిక్సెళ్ళు. బాక్స్ 10 పిక్సెళ్ళు కిందికి జారిందనుకోండి. కలిసేది 20, మొత్తం ఆక్రమించేది 40, ఐఓయూ 0.5. అంటే వరుసలో మూడోవంతు జారినా పాసే. అలాంటి బాక్స్‌తో గడి కోస్తే పై అంకె తోకా కింది అంకె తలా రెండూ పడతాయి. 0.75 అని పట్టుబడితే నాలుగు పిక్సెళ్ళకు మించి జారడానికి వీల్లేదు. నేను 0.75 పెట్టుకుని, పేజీలో ఒక్క వరుస తప్పినా ఆ పేజీ మొత్తం తప్పే అని లెక్కేశాను. పరీక్షకు పెట్టిన 12లో 11 నిలబడ్డాయి.

పోయిన ఒక్కటీ షీటును పుస్తకంలోంచి చించకుండా తీసిన ఫోటో. కుట్టు దగ్గర పేజీ వంగింది. నాలుగు మూలలు పట్టుకుని తిన్నగా లాగితే ఓరగా తీసిన ఫోటో సర్దుకుంటుంది గానీ, వంపు పోదు. మోడల్ ఇచ్చే బాక్స్ ఎప్పుడూ నిటారు దీర్ఘచతురస్రమే. వంగిన గీతకు అది ఎప్పటికీ సరిపడదు. ట్రైనింగ్ ఎంత చేసినా ఇది తీరే పని కాదు. అందుకే సెంటర్లవాళ్ళకు షీటును చించి బల్ల మీద పరిచి ఫోటో తీయమని మామ చెప్పాడు. “అంత తీరికెక్కడుండాది సామీ” అన్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ పేజీలు ఆయన పాత పద్ధతిలోనే చూసి కొడతాడు.

రోజువారీ వాడకంలో లేబుళ్ళు ఉండవు కాబట్టి, తప్పు జరిగిందని తెలిసే దారి ఒకటి కావాలి. లీటర్లు కూడి అడుగున రాసిన మొత్తంతో పోల్చడం మొదట తోస్తుంది. కానీ వరుస చీలినా లీటర్ల అంకె ఏదో ఒక ముక్కలో ఉంటుంది, కూడితే సరిపోతుంది. ఖాళీ వరుస మాయమైనా మొత్తం మారదు. పైన చెప్పిన షీటు ఆ పరీక్షలో నెగ్గేదే. పనికొచ్చింది ఎత్తుల పోలిక. అచ్చు ఫారంలో సభ్యుల వరుసలన్నీ ఒకే ఎత్తు. పేజీలోని మధ్యస్థ ఎత్తుతో పోల్చి, ఏ వరుసైనా దానిలో 0.75 వంతు కన్నా పొట్టిగా గానీ 1.3 రెట్ల కన్నా పొడుగ్గా గానీ ఉంటే ఆ పేజీ మనిషి దగ్గరికి పోతుంది. చీలిన వరుస సగమవుతుంది, మింగినది రెట్టింపవుతుంది. రెండూ దొరుకుతాయి. వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ మిగిలితే అదీ ఆగుతుంది.

ఈమధ్య ఒక సెంటరు లాక్టోమీటరు రీడింగుకు ‘ఉదయం’ కింద ‘సీఎల్ఆర్’ అని ఇంకో కాలమ్ చేర్చిన షీట్లు అచ్చు వేయించింది. ఎత్తుల పోలికకు అది కనబడదు, అందుకని కాలమ్‌లు తొమ్మిది కాకపోతే ఆగమని ఒక షరతు కలిపాను. మోడల్ పది కాలమ్‌లనూ చాలావరకు సరిగ్గానే ఇస్తోంది గానీ, ‘ఉదయం’ శీర్షికను మూడు కాలమ్‌ల దగ్గరే ఆపేస్తోంది. వరుసల సంఖ్యను మార్చినట్టు కాలమ్‌ల సంఖ్యను ట్రైనింగ్‌లో ఎక్కడా మార్చలేదు మరి. ఆ సెంటరు నుంచి కొన్ని పేజీలు లేబుల్ చేసి, నిలువు కోతలు కూడా కలిపి మళ్ళీ ట్రైన్ చేస్తున్నాను. అది అయ్యేదాకా ఆ షీట్లు మామ చేతికే పోతాయి.