మా బడి స్టాఫ్ మీటింగ్ నోటీసును సరదాగా తిరగరాసిన నా అనుభవం

నేను ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా బడిలో స్టాఫ్ మీటింగ్ నోటీసు ఎప్పుడూ ఒకే మూసలో వస్తుంది. నవంబరులో వచ్చినది ఇది:

"ఉపాధ్యాయ, ఉపాధ్యాయేతర సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, తేది 27-11-2025 గురువారం సాయంత్రం 4.15 గంటలకు పాఠశాల డిజిటల్ తరగతి గది యందు సిబ్బంది సమావేశము నిర్వహించబడును. విద్యార్థుల అపార్ నమోదు, ఎస్‌ఏ-1 మార్కుల నమోదు గురించి చర్చించబడును. కావున ఎల్లరూ విధిగా హాజరు కావలెను."

ఇందులో తప్పేమీ లేదు. కానీ వాట్సాప్ గ్రూపులో పడగానే అందరూ ఒక దణ్ణం బొమ్మ పెట్టేసి ముందుకెళ్లిపోతారు, తీరా ఆ రోజు సగం మంది అలవాటుగా స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటారు, అటెండర్ వెళ్లి పిలుచుకురావాలి. ఈసారి హెచ్‌ఎం గారే "మాస్టారూ, మీరు తెలుగు చెప్పేవారు కదా, కాస్త నవ్వొచ్చేలా రాసి పెట్టండి, అందరూ చదువుతారు" అన్నారు.

నేను మొదట అడిగింది జోకుల గురించి కాదు, మీటింగ్ ఎన్నింటికి అయిపోతుందని. పాత నోటీసులో అది లేదు. మా స్టాఫ్‌లో చాలామంది పక్క ఊళ్ల నుంచి బస్సులో వస్తారు, వాళ్ల అసలు టెన్షన్ మీటింగ్ కాదు, బస్సు. ఆయన కాసేపు ఆలోచించి 5 గంటలకు ముగిద్దాం, అదే రాయండి అన్నారు. ఆ మాట దొరికాక సగం పని అయినట్టే అనిపించింది, ఎందుకంటే ఎన్నింటికి వదులుతారో తెలిసిన మీటింగ్‌కి మనుషులు కొంచెం తేలిగ్గా వస్తారు.

తర్వాత నోటీసును రెండు ముక్కలు చేశాను. పైన రోజు, సమయం, చోటు, తెచ్చుకోవాల్సినవి, అంతే, అక్కడ ఒక్క సరదా మాట కూడా ఉండకూడదు. సరదా అంతా కింద. ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు కనిపించేది మొదటి ముక్కే, గ్రూపు తెరవకుండానే చాలామంది దాన్ని చూసి వదిలేస్తారు, కాబట్టి ఆ ముక్కలో జోకు ఉంటే టైము కిందికి పోతుంది. పై రెండు వరుసలకు ముందూ వెనకా * గుర్తు పెడితే వాట్సాప్‌లో లావుగా కనిపిస్తాయి, అదీ చేశాను.

చిత్తుప్రతి లెక్కల మేడమ్‌కి చూపించాను. ఆమెకు హాస్యం బాగా తెలుసు, మంచి మంచి ముక్కలు చెప్పారు. "లాంగ్ బెల్ మోగగానే, పిల్లలకంటే ముందు మనమే పరిగెడదాం" అని ఒకటి. చదివితే నవ్వొస్తుంది, కానీ లాంగ్ బెల్ 4 గంటలకు, మీటింగ్ 4:15కి. సమయం గురించి జోకు వేస్తే చదివినవాళ్లకు గుర్తుండేది జోకులోని సమయమే. "మిర్చి బజ్జీలు 4:10కే దిగుతాయి" అన్నది కూడా అందుకే తీసేశాం, ఒకే నోటీసులో రెండు టైములు ఉంటే ఏది అసలుదని ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. "రేపు" అన్న మాట కూడా వాడలేదు. బుధవారం రాత్రి పెట్టిన మెసేజ్‌ని గురువారం పొద్దున చూసినవాళ్లకు రేపు అంటే శుక్రవారమే. తేదీ, వారం రెండూ రాసి, క్యాలెండర్‌తో సరిచూసుకున్నాను.

జోకు ఎవరి మీద వేయాలన్నది అసలు చిక్కు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే సార్ మీద వేస్తే అందరూ నవ్వుతారు, ఆయన తప్ప. హెచ్‌ఎం గారి ఉపన్యాసం మీద వేస్తే ఆయన పేరుతో వెళ్లే నోటీసులో అది నిలవదు. అందరం సమానంగా పడుతున్న తిప్పలు ఏమిటా అని చూస్తే అజెండాలోనే దొరికాయి. అపార్ అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబరు. అది రావాలంటే పిల్లాడి పేరు ఆధార్‌లోనూ బడి రికార్డులోనూ ఒకేలా ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది, పేరులోని ముక్కలు ముందువెనకలవుతాయి, దాంతో నమోదు ఆగిపోతుంది. ప్రతి క్లాస్ టీచరూ ఈ పేర్లతో కుస్తీ పడుతున్నవారే, నవ్వు వస్తే అక్కడే వస్తుంది.

చివరికి ఇలా వచ్చింది:

"*స్టాఫ్ మీటింగ్: 27-11-2025, గురువారం, సాయంత్రం 4:15 నుంచి 5:00 వరకు*
*చోటు: కింది అంతస్తులో డిజిటల్ క్లాస్‌రూమ్. స్టాఫ్ రూమ్‌లో కాదు.*
తెచ్చుకోవాల్సినవి: మీ తరగతిలో అపార్ రాని పిల్లల జాబితా, ఒక పెన్ను.

ఆధార్‌లో వెంకట సాయి, మన రిజిస్టర్‌లో సాయి వెంకట, ఇంట్లో చిన్నోడు. ఒక్క పిల్లాడు మూడు పేర్లతో తిరుగుతున్నాడు, అపార్ మాత్రం ఒక్క పేరే చెప్పమంటోంది. ఎవరు ఎవరో కూర్చుని తేల్చుకుందాం.

ఎస్‌ఏ-1 మార్కులు పేపర్ల కట్టల్లో హాయిగా నిద్రపోతున్నాయి. లేపి, మొహం కడిగి, ఆన్‌లైన్‌కి పంపిద్దాం.

మిర్చి బజ్జీలు ఉన్నాయి. ముందొచ్చినవారికి బజ్జీలు, వెనకొచ్చినవారికి ఉల్లిపాయ ముక్కలు.

ఇట్లు, ప్రధానోపాధ్యాయులు"

"తగు చర్య తీసుకొనబడును" అన్న బెదిరింపు మాట కొన్ని పాత నోటీసుల్లో ఉండేది, దాని పని ఇక్కడ ఉల్లిపాయ ముక్కలు చేస్తాయి. బజ్జీల మాట రాసేముందు హెచ్‌ఎం గారిని అడిగి, తెప్పించడం ఖాయం చేసుకున్నాను. నోటీసులో తినేది రాసి మీటింగ్‌లో అది లేకపోతే తర్వాతి నోటీసు ఎవరూ నమ్మరు.

గ్రూపులో పెట్టే ముందు పీఈటీ సార్‌కి ఒక్కసారి చదవనిచ్చి, ఫోన్ తీసేసుకుని, ఎప్పుడు, ఎక్కడ అని అడిగాను. "గురువారం నాలుగుంపావు, కింద డిజిటల్ రూమ్" అని ఆగకుండా చెప్పారు, తర్వాత బజ్జీల సంగతి ఎత్తారు. ముందు బజ్జీలు చెప్పి తర్వాత టైము కోసం తడుముకుని ఉంటే కింది భాగాన్ని ఇంకా కోసేసేవాణ్ణి. నోటీసు రాసినవాళ్లు ఈ పరీక్షను తమమీద తాము చేసుకోలేరు, టైము మనకు ముందే తెలుసు కాబట్టి.

మెసేజ్‌ని గ్రూపులో పిన్ చేయించాం, కింద దణ్ణాలు ఎన్ని పడినా పైనే కనిపించేలా. రిజిస్టర్‌లో మాత్రం పాత మూస నోటీసే అతికించి అందరి చేతా సంతకాలు తీసుకున్నాం. అది రేపు ఎవరైనా అధికారి తనిఖీకి వస్తే చూపించాల్సిన కాగితం, అందులో చిన్నోడు, ఉల్లిపాయలు అక్కర్లేదు. రెండింటిలో తేదీ, సమయం, చోటు ఒక్కటేనా అని పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. గురువారం మధ్యాహ్నం భోజనాలప్పుడు గ్రూపులో మళ్లీ పై రెండు వరుసలే పెట్టాను, జోకులు లేకుండా. విన్న జోకు రెండోసారి వింటే విసుగు, టైము మాత్రం రెండోసారి కావాలి. ఒకవేళ గది మారి ఉంటే పాత మెసేజ్‌ని దిద్దేవాణ్ణి కాదు, ముందే చదివేసినవాళ్లు దాన్ని మళ్లీ తెరవరు. "మార్పు" అన్న మాటతో మొదలుపెట్టి కొత్తగా పెట్టేవాణ్ణి.

ఆ రోజు అటెండర్‌ని స్టాఫ్ రూమ్‌కి పంపాల్సిన అవసరం రాలేదు. జాబితాలు కూడా చాలామంది తెచ్చారు, నాకు అదే ఎక్కువ సంతోషం.

డిసెంబరు నోటీసు కూడా ఇలాగే రాయమని అడిగారు. అజెండా చూస్తే ఒక తరగతి గురించి తల్లిదండ్రులు ఇచ్చిన ఫిర్యాదు ఉంది. దానికి సరదా పెట్టనన్నాను. పై మూడు వరుసలూ అలాగే ఉంచి, కింద "ఫిర్యాదుపై మాట్లాడుకుందాం, అందరూ రండి" అని మాత్రం రాసి ఇచ్చాను, హెచ్‌ఎం గారు ఒక్క అక్షరం మార్చకుండా పెట్టేశారు.